వంక అవతలి నెంబరు

నేను సాగు చేసుకునే చేను కాగితాల్లో నాది కాదని నాకు ఆ చేలో నిలబడి ఉండగానే తెలిసింది.

వేరుశనగ మొలిచి సాళ్లు కనిపిస్తున్న రోజులవి. మా ఊరి రైతు సేవా కేంద్రంలో పనిచేసే వ్యవసాయ సహాయకురాలు పంట నమోదుకు స్కూటరేసుకుని వచ్చింది. చిన్నపిల్ల. అమరాపురం వైపు అమ్మాయి కాబట్టి మాటల్లో కన్నడం కలుస్తూ ఉంటుంది. ఏ నెంబరులో ఏ పంట ఉందో ఫోన్లో ఎక్కించి, రైతును చేలో నిలబెట్టి ఫోటో తియ్యాలి. నన్ను గట్టు దిగి రమ్మంది.

"అవ్వా, ఇంకొంచెం లోపలికి రా."

వెళ్లాను.

"ఇంకొంచెం."

"ఇంకెంత లోపలికి పాపా? ఇట్లనే పోతే హిందూపురం చేర్తా."

నవ్వింది. ఫోను అటూ ఇటూ తిప్పింది. తూర్పు గట్టుకు పోయి చూసింది, పడమటి గట్టుకు పోయి చూసింది. తిరిగి వచ్చేసరికి ముఖంలో నవ్వు లేదు.

"ఫోటో తీసుకోవడం లేదవ్వా. నువ్వు నీ సర్వే నెంబరు హద్దులో లేవంటాంది."

"ఎవరు, ఫోనా? దానికేం తెలుసు? ఈ చేలో నేను నడుం వంచిన దినాలు దానికి తెలుసునా?"

ఆ పిల్ల ఫోను నా ముందు పెట్టింది. పైనుంచి తీసిన ఫోటోలాగా మా పొలాలన్నీ అందులో ఉన్నాయి. చేలమీద గీతలు, గీతల మధ్య నెంబర్లు. మేమిద్దరం ఒక నీలం చుక్క. నా నెంబరున్న నేల చెక్క ఆ చుక్క దగ్గర లేదు. వంక దాటి, పెనుకొండ పోయే తారురోడ్డును ఆనుకుని ఉంది.

"నీ నెంబరు ఆడుండాది అవ్వా. మనం ఈడుండాం."

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమై గట్టుమీద కూర్చున్నాను.

రోడ్డు పక్కన ఉన్న ఆ చేను ఒకప్పుడు మాదే. మా మామ నుంచి మా ఆయనకు వచ్చింది. నేనిప్పుడు చేస్తున్నది వంక అవతల పొలాలున్న ఒక అన్న చేను. ఆయన మా బంధువు కాదు. వాళ్లు సాయిబులు. ఊళ్లో రెండు వీధులు అవతల ఉంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నుంచి ఆయన్ని అన్నా అనే పిలుస్తాను, ఆయన నన్ను చెల్లే అంటాడు. మా చేను ఆయన పొలాలకు దగ్గర, ఆయన చేను మా ఇంటికి దగ్గర. వాన పడి వంక పారిందంటే నేను సద్ది తీసుకుని అవతలికి పోలేను, ఆయన ఎద్దులను ఇవతలికి తోలుకురాలేడు. ఎకరాలు సమానం, మట్టి కూడా ఒకే రకం ఎర్రమట్టి. ఒక ఎండాకాలం మా ఆయన, ఆ అన్న రెండు చేలూ కలిసి తిరిగి చూసి, మార్చుకుందాం అనుకున్నారు.

మా వైపు మార్చుకోవడం అంటే ఏమిటో చెప్పాలి. ఇద్దరూ తమ తమ దిబ్బ నుంచి తట్టెడు ఎరువు తీసుకుపోయి అవతలి వాళ్లకు వదిలే చేలో కుమ్మరిస్తారు. ఇకపై ఈ చేను బాగోగులు నీవి, నేను నీకు సారం ఇచ్చే వదిలాను అన్నట్టు. అన్న భార్య, నేను తట్టలు ఎత్తుకున్నాం. చూడటానికి మరో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. బెల్లం పంచారు. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆ పెద్దమనుషులు ఇప్పుడు లేరు. మా ఆయనా లేడు.

ఆయన పోయాక పట్టా నా పేరుకు మార్పించుకున్నాను. మా కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు పెట్టి, నా కొడుకు ఒప్పుకుని, మీసేవలో దరఖాస్తు ఇస్తే కొత్త పాసుపుస్తకం వచ్చింది. అప్పటికి నాకు చదువు రాదు. వేలిముద్ర వేశాను. యాభై దాటిన తర్వాత, మహిళా సంఘంలో నేర్పితే, అక్షరాలూ అంకెలూ పట్టుకున్నాను. మొన్న చలికాలంలో రైతులందరికీ గుర్తింపు నెంబరు ఇస్తారని, అది లేకపోతే ముందుముందు పెట్టుబడి సాయానికీ బీమాకూ ఇబ్బంది అవుతుందని చెప్పి ఆ పిల్ల అందరినీ కేంద్రానికి పిలిచింది. ఆధార్ కొట్టగానే నా పేరు వచ్చింది. రెవెన్యూ రికార్డు నుంచి నా భూమి వచ్చింది. నేను పాసుపుస్తకం తెరిచి సర్వే నెంబరు ఒక్కో అంకె చదివాను, ఆ పిల్ల తెరమీద చూసుకుంది. అన్నీ సరిపోయాయి. ఇది నా భూమే అని ఒప్పుకుంటున్నట్టు గడిలో టిక్కు పెట్టింది, నా ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పాను. ఎవరి సాయమూ లేకుండా అంకెలు చదివానని ఆ రోజు సంతోషపడ్డాను.

అంకెలు చదవగలిగాను గానీ ఆ అంకెలు నేలమీద ఎక్కడ ఉన్నాయో నాకు తెలియదు. చేను మార్చుకున్నప్పుడు కాగితం కూడా మార్చి ఉంటారని అనుకుంటూ వచ్చాను. మగవాళ్లు ఆఫీసులకు పోతారు, వస్తారు, ఏదో చేసే ఉంటారు అనుకున్నాను. ఇన్నేళ్లూ తేడా బయటపడకపోవడానికి కారణం ఒకటే: రెండు చేలలోనూ వేరుశనగే, విస్తీర్ణం సమానమే. ఏం వేశావంటే ఫలానా అని చెప్తే రాసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ నెంబరు హద్దులో నిలబడితే తప్ప ఫోటో పడదు.

గట్టుమీద నా పక్కన కూర్చుని ఆ పిల్ల విడమరిచి చెప్పింది.

"పెట్టుబడి సాయానికి ఇబ్బంది లేదవ్వా. అది రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లకు వస్తాది. ఇద్దరికీ భూమి ఉండాది కాబట్టి ఇద్దరికీ వస్తాది. బీమా అట్లా కాదు. పంట యాడుంటే ఆడ నమోదు కావాల. నువ్వు నీ నెంబరుతో కట్టినావనుకో, ఆడుండేది ఆ తాత పంట. నీ పంట ఈడుండాది, ఈ నెంబరు నీది కాదు. రేపు నష్టమొస్తే రెండూ కలవవు."

"మరెట్లమ్మా?"

"గడువు ఈ నెలాఖరు వరకు ఉండాది. ఆ తాతతో మాట్లాడు."

ఆ మాట చెప్పినంత తేలిక కాదు. అవతలి చేను ఒకప్పుడు తుమ్మచెట్ల పక్కన ఉండేది. ఇప్పుడు దాని పక్కన తారురోడ్డు, రోడ్డుకు అటువైపు కంపెనీలకు విడిభాగాలు చేసే షెడ్లు. ప్లాట్ల బ్రోకర్లు కార్లు ఆపుకుని చూసిపోతుంటారు. నేను చేసే చేనుకు ఈరోజుకీ బండిబాటే. కాగితం ప్రకారం రోడ్డు పక్కది నాది. అంటే ఆ అన్న కుటుంబం ఇన్నేళ్లుగా పండించుకుంటున్న చేను, ఆయన కొడుకు బోరు వేయించిన చేను, నేను నోరు తెరిచి నాది అంటే వాళ్ల చేతిలోంచి పోతుంది.

సాయంత్రం వాళ్ల ఇంటికి పోయాను. అన్న మంచంమీద కూర్చుని ఉన్నాడు. రెండేళ్లుగా ఆయనకు ఆయాసం. నాలుగు మాటలకొకసారి ఆగుతాడు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆమె, చేటలో బియ్యం ఏరుతోంది. జరిగింది చెప్పాను.

"అయితే రోడ్డు పక్కది నీ పేరుతో ఉండాదా చెల్లే?"

"ఉండాది అన్నా."

చేటలో చెయ్యి ఆగింది. అక్క తల ఎత్తలేదు. నన్ను చూడకుండా ఉండటానికే అట్లా బియ్యంలోకి చూస్తోందని నాకు తెలుసు.

"మీ ఆయనను నేనడిగినా," అన్నాడు అన్న. "కాగితం చేయించుకుందామప్పా అని. తాలూకాఫీసుకు పోతే ఒక దినం పోతాది, చేలో కలుపు ఆగదు, ఇంకోనాడు పోదాం అన్నాడు." ఊపిరి తీసుకున్నాడు. "ఆ ఇంకోనాడు వచ్చేలోపల ఆయనే పోయినాడు."

"ఏమనుకుంటాండావు మరి నువ్వు?" అంది అక్క. నన్నే.

"నా చేను నాకు, మీ చేను మీకు. ఇంకేమనుకుంటా అక్కా."

ఆమె లేచి పోయి టీ పెట్టింది. నాకు ఇష్టమని అందులో అల్లం దంచి వేసింది. అయితే ఆ రోజు నుంచి కొన్నాళ్లపాటు ఆమె నాతో మాట్లాడేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి మాట్లాడేది. అంతకు ముందు అట్లా ఉండేది కాదు. నా చేతిలో ఉన్న కాగితానికి ఆమె భయపడుతోందని తెలిసి నాకు సిగ్గుగా ఉండేది.

కాగితాలు మార్చుకునే రిజిస్ట్రేషను గడువులోపల అయ్యేది కాదు. ఈ ఒక్క పంటకు దారి ఏదైనా ఉందా అని ఆ పిల్ల రెవెన్యూ ఆయన్ని అడిగితే, కౌలు కార్డు తీసుకోమన్నాడు. దాన్ని మా వైపు గుత్త అంటాం. నా చేనుకు పట్టాదారు అన్న, కాబట్టి నేను ఆయన దగ్గర గుత్తకు చేస్తున్నట్టు. ఆయన చేనుకు పట్టాదారు నేను, కాబట్టి ఆయన నా దగ్గర గుత్తకు చేస్తున్నట్టు. ఒకరికొకరం సంతకాలు పెట్టాలి. పదకొండు నెలలు చెల్లుతుంది, ఆ కార్డుతో భూమిమీద హక్కు రాదు, పోదు.

మా ఊరి సచివాలయంలో మా ఇద్దరి ఫారాలు చూసి అక్కడ కూర్చున్నవాళ్లు నవ్వారు.

"ఏమబ్బా, ఎవరి చేనుకు వాళ్లే గుత్తదార్లా?"

"ఏం సాయిబన్నా, ఆమెకు గుత్త ఎంతిస్తావు?"

"మా ఇంట్లో టీ ఇస్తాండాం గదప్పా," అన్నాడు అన్న. "అల్లం వేసి."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఫారంలో "భూ యజమాని" అన్న చోట, రోడ్డు పక్క చేనుకు నా పేరు చూసినప్పుడు నవ్వు ఆగిపోయింది. అన్న కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా సంతకం పెట్టేశాడు.

"చదివి పెట్టన్నా."

"నువ్వు చదివినావు గదా."

కార్డులు వచ్చాక పంట నమోదు అయింది. ఈసారి ఫోటో పడింది. గడువు లోపల బీమాకు నా వాటా కట్టి రసీదు తెచ్చుకున్నాను. ఆ పిల్ల స్కూటరు ఎక్కుతూ అంది: "అవ్వా, ఇది ఈ ఏటికే. మళ్లీ ఏటికి మళ్లీ కార్డులు. మీ ఇద్దరూ ఉన్నన్నాళ్లు సరే. తర్వాత ఎవరొచ్చి ఎవరికి సంతకం పెడతారు?"

ఆ ప్రశ్నకు జవాబు ధర్మవరంలో ఉంది. నా కొడుకు అక్కడ పట్టుచీరల మగ్గంమీద పనిచేస్తాడు. మగ్గం తనది కాదు, షావుకారిది. మరమగ్గాలు వచ్చినాక పని సగం వారాలే దొరుకుతోంది. పెనుకొండలో దస్తావేజులు రాసే ఆయన్ని కలిసినప్పుడు ఆయన ఒక మాట చెప్పాడు. భూమి పరస్పరం మార్చుకుంటున్నట్టు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుకోవచ్చు, రెండింటిలో విలువ ఎక్కువున్న దానిమీద స్టాంపు పడుతుంది, ఆ ఖర్చు అన్న ఇంటివాళ్లు పెట్టుకుంటామంటున్నారు కాబట్టి దానికి అడ్డం లేదు. "మామ ఆస్తి కదమ్మా," అన్నాడు. "మీ అబ్బాయి కూడా సమ్మతి సంతకం పెడితే మంచిది. రేపు కోర్టుకు పోయే పని ఉండదు."

నేను ధర్మవరం పోయాను. వాడు కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంటలోనే ఉన్నాడు. నన్ను చూసి కాళ్లు ఆపాడు గానీ పైకి రాలేదు. పక్కన గుంట అంచున కూర్చుని చెప్పాను. అప్పటికే వాడికి ఊరి నుంచి సంగతి తెలిసింది.

"అమ్మా, పట్టా నీ పేరుతో ఉండాది. పాసుపుస్తకంలో అదే నెంబరు. నువ్వు చేయించుకున్న గుర్తింపులో అదే నెంబరు. గవర్నమెంటే ఇది నీదంటాంటే, నువ్వెందుకు కాదంటావు?"

"నాది కాదు కాబట్టి."

"వాళ్లనేమీ రోడ్డున పడేయడం లేదు గదా. వాళ్లకు నువ్వు చేసేది పోతాది. ఎకరాకు ఎకరం."

"ఆడ వాళ్లు బోరు వేయించుకున్నార్రా."

"బోరు దుడ్లు లెక్కగట్టి ఇద్దాం."

"మీ నాయన మాటిచ్చినాడు."

"నాయన మాట! నాయన మాట!" వాడి గొంతు పెరిగింది. పక్క మగ్గం ఆగింది. "ఆ మాట ఏ కంప్యూటర్లో ఉండాదో చూపించు. ఒక్క కాగితంలో చూపించు. నేనీ గుంటలో కాళ్లు చల్లబడిపోయేదాకా కూర్చుంటాండా. ఆ చేనులో సగం అమ్మితే నాకు సొంతంగా రెండు మగ్గాలొస్తాయి. అది నీకు కనపడదు. తట్టెడు పేడ కనపడతాది."

వాడు దురాశపరుడు కాదు. వాడి వేళ్లమీద పట్టుదారం కోసిన గీతలున్నాయి. ఎండాకాలంలో పని లేక పిల్లల ఫీజు కట్టలేకపోయిన సంగతి కోడలు చెప్తే నాకు తెలుసు, వాడు చెప్పలేదు. వాడు అన్నదాంట్లో అబద్ధం కూడా లేదు. మాట ఏ కాగితంలోనూ లేదు. ముగ్గురు మనుషులకు గుర్తుంది, అంతే. అందులో ఒకరికి ఆయాసం.

"తట్ట నేనే మోసినా నాయనా," అన్నాను లేచి. "నా నెత్తిన పెట్టుకుని మోసినా. మోసింది కాదనలేను."

వాడు కాళ్లు మళ్లీ ఆడించడం మొదలుపెట్టాడు. మగ్గం చప్పుడులో ఇంకేమీ వినపడలేదు.

ఆ ఏడు పూత పోయి ఊడలు నేలలోకి దిగే సమయంలో వాన తప్పింది. కాయ సగానికి సగం గింజ లేని లొట్టలు. బీమా సంగతి ఆ పిల్లను అడిగితే, వాన లెక్కలు చూసి తేలుస్తారు, మీ ఇద్దరి నమోదులూ సరిగ్గా ఉండాయి కాబట్టి పేర్లైతే జాబితాలో ఉంటాయి అంది. అది తేలకముందే, చలి మొదలైనప్పుడు, అన్నను హిందూపురం ఆసుపత్రిలో పెట్టారు. చూడ్డానికి పోతే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. అక్క నన్ను చూసి లేచి బయటికి తీసుకువచ్చింది. వరండాలో నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చెల్లే, ఆయన పోతే మమ్మల్ని ఎవరడిగినా ఏం చెప్పుకోవాల మేము?"

ఎవరడిగినా అంది. నీ కొడుకు అడిగితే అనలేదు. అంత మర్యాద ఆమెకు ఉంది.

అన్న కోలుకుని ఇంటికి వచ్చిన వారంలోనే పెనుకొండలో రోజు పెట్టించాను. దస్తావేజు ముసాయిదా ఇంటికి తెచ్చుకుని మొత్తం చదివాను. చదవడం నాకు ఇప్పటికీ నెమ్మదే. హద్దుల దగ్గర మరీ ఆగి చదివాను: తూర్పుకు వంక, పడమరకు బాట, ఉత్తరానికి ఎవరు, దక్షిణానికి ఎవరు. ఈసారి నెంబరును చేను దగ్గరకు తీసుకుపోయి, ఆ పిల్ల ఫోనులో చుక్క చూసుకుని, రెండూ కలిశాయని తేల్చుకున్న తర్వాతే సరే అన్నాను. కొడుక్కి ఫోన్ చేసి రోజు చెప్పాను. విని పెట్టేశాడు.

రిజిస్ట్రారు ఆఫీసు బయట మెట్లమీద అన్నను కూర్చోబెట్టి అక్క నీళ్లు తాగిస్తోంది. దస్తావేజులాయన పిలుపు వస్తుందని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. "మీ అబ్బాయి రాకపోయినా చేద్దామా అమ్మా?" అని అడిగాడు. పట్టా నాది కాబట్టి చేయవచ్చు. కానీ మేమిద్దరం పోయాక ఆ కాగితంమీద కొట్లాట పుట్టవచ్చు. చేద్దాం అన్నాను. అంటూనే రోడ్డువైపు చూస్తున్నాను.

వాడు వచ్చాడు. ధర్మవరం బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. నన్ను పలకరించలేదు. అన్న దగ్గరికి పోయి, "ఎట్లుండాది మామా ఆరోగ్యం?" అని అడిగాడు. చిన్నప్పటి నుంచి ఆయన్ని అట్లాగే పిలుస్తాడు.

"నువ్వొచ్చినావు గదా. బాగుండాది," అన్నాడు అన్న.

ఎందుకు వచ్చావని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

లోపల అధికారి మా ముఖాలు చూసి, ఇద్దరూ ఇష్టపూర్వకంగానే మార్చుకుంటున్నారా అని అడిగారు. అవునన్నాం. యంత్రంమీద వేళ్లు పెట్టాం. అన్న వేలు రెండోసారికి పడింది. నేను సంతకం పెట్టాను. నా కొడుకు "యాడ పెట్టాల?" అని దస్తావేజులాయన్ని అడిగి, చూపించిన ప్రతిచోటా పెట్టాడు. చివరి కాగితం దగ్గర కొంచెంసేపు పెన్ను అట్లాగే పట్టుకున్నాడు. పెట్టాడు.

బయటికి రాగానే అక్క వాడి తల నిమరబోయింది. వాడు తల వంచాడు గానీ కళ్లెత్తలేదు. హోటల్లో ఏమైనా తినిపోదాం రమ్మన్నాను.

"లేదమ్మా. చీర సగంలో ఉండాది."

ఆగివున్న బస్సెక్కి పోయాడు.

తర్వాత పనులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. రెవెన్యూ రికార్డులో పేర్లు మారడానికి దరఖాస్తు, విచారణకు మనుషులు రావడం, కొత్త పాసుపుస్తకాలు. అది అయ్యాక మా ఇద్దరి రైతు గుర్తింపుల్లోనూ పాత నెంబరు తీసి కొత్త నెంబరు ఎక్కించాల్సి వచ్చింది. ఆ పిల్ల మళ్లీ టిక్కు పెట్టే ముందు, "ఈ భూమి నీదేనా అవ్వా?" అని అడిగింది. నాదే అన్నాను. అక్క ఇప్పుడు నాతో మునుపటిలాగే గట్టిగా మాట్లాడుతోంది. పోయిన వారం మా మేక వాళ్ల పాదులో పడిందని వీధిలో నిలబడి తిట్టింది.

నా కొడుకు మాత్రం ఊరికి రాలేదు. పండగలకు కోడలూ పిల్లలూ వచ్చిపోతున్నారు. వాడికి పని ఉందని చెప్తారు. పని లేని వారాలు నాకు తెలుసు. ఈసారి కాయ పెరికేటప్పుడు మనుషులు తక్కువగా ఉన్నారు, ఒక్కరోజు వచ్చి పొమ్మని కోడలి ఫోనులో చెప్పించాను. కోడలు వాడి దగ్గరే ఉన్నట్టుంది, వెనక మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్క క్షణం అది ఆగింది. మళ్లీ ఆడింది.

"చూద్దామంటాండాడత్తా," అంది కోడలు.